తిన్న రెండు గంటలకే ఆకలా? డైటీషియన్‌కు ఉత్తరం, ఆహార డైరీ ఇలా రాయండి

"మేడమ్, నాకు ఏం తిన్నా రెండు గంటల్లో మళ్ళీ ఆకలేస్తోంది. ఏం తినాలో చెప్పండి." హైదరాబాద్‌లో డైటీషియన్‌గా పనిచేస్తున్న నాకు ఇలాంటి ఉత్తరాలు తరచూ వస్తుంటాయి. రాసినవాళ్ళ బాధ నిజమైనదే. కానీ ఈ రెండు వాక్యాలను పట్టుకుని నేను ఏ సలహా ఇచ్చినా అది ఊహే అవుతుంది. ఇడ్లీ తేలికగా అరిగిపోవడం వల్ల వచ్చే ఆకలి, నిద్ర చాలక వచ్చే ఆకలి, కడుపులో మంటనే ఆకలి అనుకోవడం, షుగర్ పెరగడం వల్ల వచ్చే ఆకలి, ఇవన్నీ బయటికి ఒకే మాటగా వినిపిస్తాయి. వీటిని విడదీసి చూపించేది మీరు రాసే డైరీ ఒక్కటే.

నాంపల్లిలో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూసే ఒకాయన రాసిన ఉత్తరం, డైరీ చూపిస్తూ ఈ పద్ధతి చెప్తాను. ఆయన ఒప్పుకున్నాకే, గుర్తుపట్టే వివరాలు తీసేసి రాస్తున్నాను.

ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సినవాళ్ళు ఎవరు

డైరీ మొదలుపెట్టే ముందు కొన్ని విషయాలు చూసుకోండి. బాగా తింటున్నా బరువు తగ్గిపోతుంటే, దాహం ఎక్కువై రాత్రిళ్ళు పదేపదే మూత్రానికి లేస్తుంటే, గుండె దడ, చేతుల వణుకు, ఎప్పుడూ ఉక్కపోతగా ఉంటే వారం రోజులు డైరీ రాస్తూ కూర్చోకండి. షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. షుగర్‌కు మాత్రలో ఇన్సులినో వాడుతున్నవాళ్ళకు ఆకలితో పాటు చెమట, వణుకు, కళ్ళు తిరగడం ఉంటే అది రక్తంలో చక్కెర పడిపోవడం కావచ్చు. గ్లూకోమీటర్‌లో 70 కన్నా తక్కువ వస్తే వెంటనే చక్కెర నీళ్ళు తాగి, మీ డాక్టర్‌కు చెప్పండి. ఇది డైటీషియన్ ఉత్తరంతో తేలే పని కాదు.

కొత్తగా మొదలైన మందులు కూడా గుర్తు చేసుకోండి. ఆస్తమాకో కీళ్ళ నొప్పులకో ఇచ్చే స్టెరాయిడ్లు, మానసిక సమస్యలకు ఇచ్చే కొన్ని మందులు ఆకలిని బాగా పెంచుతాయి. అలాగని వాటిని మీ అంతట మీరు ఆపకండి. స్టెరాయిడ్‌ను ఉన్నట్టుండి ఆపడం ప్రమాదం. మందు పేరు, మొదలుపెట్టిన తేదీ ఉత్తరంలో రాస్తే చాలు.

ఏడు రోజులు రాయండి, తిండి మాత్రం మార్చకండి

డైరీ ఏడు రోజులు రాయమంటాను. అందులో ఒక ఆదివారం తప్పనిసరిగా ఉండాలి. సెలవు రోజు టిఫిన్ వేరు, తినే వేళ వేరు, నిద్ర వేరు. చాలాసార్లు జవాబు ఆ రోజులోనే దొరుకుతుంది. వారం దాటితే మనుషులు విసిగిపోయి నాలుగు రోజులది ఒకేసారి గుర్తున్నంత మేర రాసేస్తారు, అది నాకు ఉపయోగపడదు.

ఆ వారం మీ తిండిని బాగు చేసుకోకండి. నేను చూస్తానని సమోసా మానేసి కీరదోస ముక్కలు తింటే, మీ మామూలు ఆకలి ఎందుకొస్తోందో నాకు కనిపించదు. ఇంట్లో కూడా ఈ మాట చెప్పండి. డైరీ రాస్తున్నారని తెలిసి ఇల్లాలు ప్రేమతో ఆ వారం ముద్దపప్పు, గుడ్లు, ఆకుకూరలు వండి పెట్టిన ఇళ్ళు నేను చూశాను.

తినగానే రాయండి. ఫోన్ నోట్స్‌లో రాసినా చిన్న పుస్తకంలో రాసినా ఒకటే. రాత్రి పడుకునే ముందు రాస్తే మొదట మర్చిపోయేది చాయ్‌లు, తర్వాత వంటింట్లో నిలబడి నోట్లో వేసుకున్న గుప్పెడు మిక్చర్. ఆకలి మొదలైన సమయం కూడా రాత్రికి గుర్తుండదు. ఈ మొత్తం పనికి ఆ సమయమే ప్రాణం.

ప్రతి పూటా రాయాల్సినవి

తినడం మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం రెండూ రాయండి. చాలామంది మొదటిది మాత్రమే రాస్తారు. పది నిమిషాల లోపు ముగిసే భోజనానికి, ఇరవై నిమిషాలు పట్టే భోజనానికి తేడా ఉంది. కడుపు నిండిందన్న సంకేతం మెదడుకు పూర్తిగా అందడానికి సుమారు ఇరవై నిమిషాలు పడుతుంది. ఏడు నిమిషాల్లో తినేసేవాళ్ళు ఒక్కోసారి ఎక్కువ తినేస్తారు, ఒక్కోసారి తిన్న తృప్తి లేకుండానే లేస్తారు.

తర్వాత ఆకలికి ఒక అంకె వేయండి. 1 అంటే అసలు లేదు, 3 అంటే తినొచ్చు, 5 అంటే ఆగలేను. తినబోయే ముందు ఒకటి, తిన్నాక ఒకటి, మళ్ళీ ఆకలి వేసినప్పుడు సమయంతో పాటు ఇంకొకటి.

ఆ మూడో అంకె పక్కన, ఆకలి ఎలా ఉందో మీ మాటల్లో రాయండి. ఇక్కడ తొందరపడకండి. కడుపు ఖాళీగా అనిపించి గుడగుడమంటోందా? రొమ్ము ఎముక కింద మంటగా, పట్టేసినట్టు ఉందా? చేతులు వణికి చెమట పడుతోందా? కడుపు బాగానే ఉంది, నోరే ఏదో కావాలంటోందా? ఈ నాలుగోదాన్ని పట్టుకోవడానికి నేను ఒక ప్రశ్న చెప్తాను: ఇప్పుడు ఎదురుగా ఉత్త పెరుగన్నం పెడితే తింటారా? తింటాననిపిస్తే అది ఆకలే. పెరుగన్నం వద్దు, బజ్జీ అయితే తింటాను అనిపిస్తే అదీ రాయండి, అందులో తప్పేం లేదు. ఆ రెంటికీ నేను చెప్పే మార్గాలు వేరు, అంతే.

రోజు చివర రెండు లైన్లు: రాత్రి ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు. వరసగా నిద్ర తక్కువైతే ఆకలి పుట్టించే హార్మోన్లు పెరుగుతాయి. దాన్ని తిండి లెక్కలో వెతికితే దొరకదు.

కొలత ఒక్కసారి చూసుకుంటే చాలు

"అన్నం, పప్పు, కూర, పెరుగు." డైరీల్లో నాకు ఎక్కువగా కనిపించే లైన్ ఇదే. అందులో నాకు ఏమీ తెలియదు. ఒకరి "కొంచెం అన్నం" 150 గ్రాములు, ఇంకొకరిది 400.

ప్రతి పూటా త్రాసు పట్టుకుని కూర్చోమని కాదు. మొదటి రోజు మీరు రోజూ తినే కంచం ఖాళీగా తూచండి, మామూలుగా పెట్టుకునేంత అన్నం పెట్టుకుని మళ్ళీ తూచండి. తేడాయే మీ అన్నం. ఇంట్లో కిచెన్ స్కేల్ లేకపోతే పక్కింట్లో అడగండి, లేదా అన్నం పెట్టే గరిటెతో ఎన్నిసార్లు వేసుకున్నారో లెక్కపెట్టి, ఆ గరిటె పక్కన చెంచా పెట్టి ఫోటో తీసి పంపండి.

పప్పు విషయంలో గరిటెల లెక్క మోసం చేస్తుంది. ముద్దపప్పు ఒక గరిటెలో ఉన్న పప్పు, పప్పుచారు ఒక గరిటెలో ఉన్న పప్పు ఒకటి కాదు. అందుకే నేను అడిగేది వేరే: కుక్కర్‌లో ఎంత పచ్చి కందిపప్పు వేశారు, దాన్ని ఎంతమంది, ఎన్ని పూటలు తిన్నారు? వంట చేసేవాళ్ళకు ఈ జవాబు నోటి చివర ఉంటుంది. నూనె కూడా అంతే. రోజూ చెంచాలు లెక్కపెట్టొద్దు, నెలకు ఎన్ని లీటర్లు అవుతుంది, తినేవాళ్ళు ఎంతమంది అని ఒక్క లైన్ రాయండి.

చాయ్‌లు రాసేటప్పుడు కప్పు సైజు, పంచదార చెంచాలు రాయండి. హోటల్ ఇరానీ చాయ్‌లో ఎంత చక్కెర వేశారో మీకు తెలియదు, కాబట్టి "హోటల్ చాయ్" అని రాస్తే సరిపోతుంది.

ఒక రోజు డైరీ ఇలా ఉండాలి

నాంపల్లి ఆయన సోమవారం ఇది. రాసింది రాసినట్టే పెడుతున్నాను.

ఉ. 6:10 చాయ్ చిన్న కప్పు, పంచదార 2 చెంచాలు.
ఉ. 8:05 నుంచి 8:13 ఇడ్లీ 4, పల్లీ చట్నీ 2 పెద్ద చెంచాలు. ముందు ఆకలి 3, తర్వాత 1.
ఉ. 10:20 ఆకలి 4. కడుపు ఖాళీ. పెరుగన్నమైనా తినేవాణ్ణి.
ఉ. 10:30 హోటల్ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు 3.
మ. 1:15 నుంచి 1:22 అన్నం 350 గ్రా., టమాటా పప్పు 2 గరిటెలు (పల్చన), ఆలు వేపుడు, పెరుగు 3 చెంచాలు. ముందు 4, తర్వాత 1.
మ. 3:40 ఆకలి 3. కడుపు ఖాళీ.
సా. 4:00 సమోసా 1, చాయ్.
సా. 6:45 ఆకలి 5. రొమ్ము కింద మంట. బిస్కెట్లు తిన్న ఐదు నిమిషాలకు తగ్గింది.
రా. 9:30 నుంచి 9:40 అన్నం అంతే, మిగిలిన పప్పు, దొండకాయ వేపుడు, మజ్జిగ. ముందు 4, తర్వాత 1.
పడుకున్నది 11:50, లేచింది 5:45.

ఇందులో అందం ఏమీ లేదు. కానీ 8:13కి తినడం ముగిస్తే 10:20కి ఆకలి, అంటే రెండు గంటల ఏడు నిమిషాలు. మధ్యాహ్నం 1:22 నుంచి 3:40, అంటే రెండు గంటల పద్దెనిమిది నిమిషాలు. "తిన్న కాసేపటికే" అన్న మాట ఇప్పుడు ఒక అంకె అయింది. రేపు ఏదైనా మార్చి చూసినప్పుడు అది పెరిగిందో లేదో ఆయనకే తెలుస్తుంది.

ఉత్తరం ఒక్క పేజీ చాలు

డైరీ ముగిశాక ఉత్తరం రాయండి, ముందు కాదు. వారం రాసిన తర్వాత మీ బాధ గురించి మీరు చెప్పేది కూడా మారుతుంది. ఆయన ఉత్తరం ఇది:

"నమస్కారం మేడమ్.

నా వయసు 38. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. ఆరు నెలల క్రితం 71 ఉండేవాణ్ణి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెట్రోలో నాంపల్లికి వెళ్తాను. రోజంతా కూర్చునే పని. ఇంటి భోజనమే, బాక్స్ తీసుకెళ్తాను. గుడ్లు తింటాను, చికెన్ ఆదివారం మాత్రమే.

సుమారు నాలుగు నెలల నుంచి ప్రతి భోజనం తర్వాత రెండు, రెండున్నర గంటల్లో ఆకలేస్తోంది. ఆకలేస్తే పని మీద ధ్యాస ఉండదు, చిరాకు వస్తోంది. దాహం, మూత్రం మామూలుగానే ఉన్నాయి. గుండె దడ లేదు. పోయిన నెలలో పరగడుపున షుగర్ 96, హెచ్‌బిఎ1సి 5.6, థైరాయిడ్ నార్మల్ వచ్చాయి. రిపోర్టులు జతచేశాను.

నడుము నొప్పికి రెండు నెలలుగా నొప్పి మాత్ర వేసుకుంటున్నాను, వారంలో నాలుగైదు రోజులు. పేరు డైరీ చివర రాశాను. వేరే మందులు లేవు.

ఇప్పటిదాకా చేసి చూసినవి: రాత్రి అన్నం మానేసి రెండు చపాతీలు పది రోజులు తిన్నాను, రాత్రి పన్నెండింటికి లేచి తినాల్సి వచ్చింది. బాగా నీళ్ళు తాగమన్నారు, తాగాను, తేడా లేదు.

మార్చలేనివి: మధ్యాహ్నం అన్నం లేకుండా ఉండలేను. ఉదయం ఇంట్లో వంటకు ముప్పావు గంట కన్నా ఎక్కువ టైం లేదు. రాత్రి తొమ్మిదిన్నర లోపు ఇల్లు చేరలేను.

నేను అడిగేది ఒకటే. ఒక పూట తింటే కనీసం నాలుగు గంటలు ఆకలి లేకుండా ఉండాలంటే ఏ పూటలో ఏం మార్చాలి?

ఏడు రోజుల డైరీ జతచేశాను."

ఈ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చినవి మూడు. బరువు తేదీతో సహా ఉంది. తగ్గలేదు, మూడు కిలోలు పెరిగింది. కాబట్టి రోజు మొత్తం మీద తిండి చాలకపోవడం కాదని తెలిసింది. చేసి చూసినవి రాశారు, కాబట్టి రాత్రి చపాతీ తినమని నేను మళ్ళీ చెప్పను. అన్నిటికన్నా ముఖ్యం, మార్చలేనివి ముందే చెప్పారు. అవి రాయకపోతే నేను ఉదయం మూడు రకాలు వండుకోమని చెప్తాను, మీరు రెండు రోజులు చేసి మానేస్తారు, మళ్ళీ మొదటికి వస్తాం.

ప్రశ్న ఒక్కటే ఉండటం కూడా మంచిది. అదే ఉత్తరంలో పొట్ట తగ్గాలి, జుట్టు రాలుతోంది, పిల్లాడు పాలు తాగట్లేదు అని రాస్తే ఆకలి వెనక్కి పోతుంది. ఉత్తరం పంపే ముందు అవతలివాళ్ళ పేరు పక్కన రిజిస్టర్డ్ డైటీషియన్ అని ఉందో లేదో చూసుకోండి. పౌడర్ డబ్బాలు అమ్మేవాళ్ళకు మీ డైరీతో పని ఉండదు.

పంపే ముందు మీరే ఒకసారి చదవండి

డైరీని నేను ఎలా చదువుతానో చెప్తాను. మీరూ అలాగే చదివితే సగం జవాబు ఇంట్లోనే దొరుకుతుంది.

మొదట ఆకలి వెయ్యని రోజు కోసం చూస్తాను. ఆయన ఆదివారం ఉదయం 9:35కి రెండు పెసరట్లు, ఉప్మాతో తినడం ముగించారు. మళ్ళీ ఆకలి 2:20కి. నాలుగు గంటల ముప్పావు. ఆయన దీన్ని గమనించనే లేదు, సెలవు రోజు కదా అనుకున్నారట. రెండు పెసరట్లలో సుమారు 80 గ్రాముల పచ్చి పెసలు పడ్డాయి. అందులోనే 19 గ్రాముల దాకా ప్రోటీన్, పది గ్రాములకు పైగా పీచు ఉంటాయి. నాలుగు ఇడ్లీలు, చట్నీ కలిపితే ప్రోటీన్ 10 గ్రాముల దగ్గర ఆగుతుంది, పీచు చాలా తక్కువ. ఇడ్లీ మెత్తగా రుబ్బి, పులియబెట్టి, ఆవిరి మీద ఉడికించింది. కడుపులోంచి తొందరగా దిగిపోతుంది. ప్రోటీన్, పీచు ఉన్న తిండి నెమ్మదిగా దిగుతుంది, పేగుల్లోంచి వచ్చే తృప్తి సంకేతాలూ ఎక్కువసేపు ఉంటాయి. ఇడ్లీ చెడ్డదని దీని అర్థం కాదు. దాని పక్కన ఏమీ లేకపోవడమే లోటు.

తర్వాత పప్పు లెక్క. నలుగురున్న ఇల్లు, రోజుకు 100 గ్రాముల కందిపప్పు, రెండు పూటలు. అంటే ఒక మనిషికి ఒక పూటకు పన్నెండున్నర గ్రాముల పచ్చి పప్పు. అందులో ప్రోటీన్ మూడు గ్రాములు కూడా రాదు. ఆయన మధ్యాహ్నం పళ్ళెంలో 350 గ్రాముల అన్నం నుంచి తొమ్మిది గ్రాములు, పప్పు నుంచి మూడు, పెరుగు నుంచి రెండు లోపు, మొత్తం 14 దాటలేదు. రోజంతా కలిపితే, చాయ్‌లో పాలతో సహా 46 గ్రాముల దగ్గర ఉంది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు చెప్తుంది. ఆయన 74 కిలోలకు అది 61. రోజూ పప్పు తింటున్నామని ఆ ఇంట్లో అందరూ నమ్మారు. రోజూ వండటం నిజమే. పళ్ళెంలోకి వచ్చేసరికి అది నీళ్ళలో పలచబడిపోయింది.

మూడోది, ఒకే టిఫిన్ తిన్న రెండు రోజులు. గురువారం, శనివారం రెండు రోజులూ ఇడ్లీ 3, ఉడికించిన గుడ్లు 2 తిన్నారు. గురువారం 10:45కే ఆకలి. శనివారం 12:10 దాకా లేదు. తిండిలో తేడా లేదు. కింద నిద్ర లైన్ చూస్తే బుధవారం రాత్రి పాపకు జ్వరం, ఆయన పడుకున్నది నాలుగున్నర గంటలు. శుక్రవారం ఏడు గంటలు. రెండు రోజులు చూసి తీర్పు చెప్పలేను, కానీ నిద్ర లైన్ రాయకపోయి ఉంటే గుడ్లు పనిచేయవని ఇద్దరం తేల్చేసేవాళ్ళం.

ఇక సాయంత్రం 6:45 ఆకలి. ఏడు రోజుల్లో ఐదు రోజులు అదే వేళకు వచ్చింది. ఐదుసార్లూ "మంట" అనే మాట ఉంది, ఐదుసార్లూ ఏదో తినగానే తగ్గింది. ఉత్తరంలో నొప్పి మాత్రలు ఉన్నాయి. ఇది ఆకలి కాకపోవచ్చు. నొప్పి మాత్రలు కడుపు లోపలి పొరను దెబ్బతీస్తాయి, ఆ మంట తిన్నప్పుడు కాసేపు అణగి ఆకలిలాగే కనిపిస్తుంది. ఇక్కడ డైటీషియన్‌గా నా పని ఆగిపోతుంది. డైరీలో ఆ లైన్ల కింద గీత గీసి, ముందు డాక్టర్‌కు చూపించమని పంపాను. మలం నల్లగా వస్తే ఆ రోజే వెళ్ళమని కూడా చెప్పాను. డాక్టర్ ఆ మాత్ర ఆపి, నొప్పికి వేరే ఏర్పాటు చేసి, కడుపుకు మందు ఇచ్చారు. రెండు వారాల్లో సాయంత్రం ఆకలి దాదాపు పోయింది. ఆ వేళ బిస్కెట్లు కూడా వాటంతట అవే తగ్గాయి.

జవాబు వచ్చాక ఒక్కో పూట మార్చండి

నేను ఆయనకు మొదట టిఫిన్ ఒక్కటే మార్చమన్నాను. వారంలో మూడు రోజులు పెసరట్టు. పెసలు రాత్రి నానబెడితే ఉదయం రుబ్బి వేయడానికి ముప్పావు గంట చాలు. మిగతా రోజులు ఇడ్లీ 3, గుడ్లు 2. పది రోజులు ఇదే, మధ్యాహ్నం పాత భోజనమే. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

పది రోజుల తర్వాత మధ్యాహ్నం. ఇంట్లో కందిపప్పు 100 గ్రాముల నుంచి 200 చేసి, పప్పు గట్టిగా వండమన్నాను. అన్నం 350 నుంచి 250కి తగ్గించి, ఆలు వేపుడు బదులు బీన్స్, గోరుచిక్కుడు, ఆకుకూరల్లో ఏదో ఒకటి కాస్త ఎక్కువ. పెరుగు మూడు చెంచాల నుంచి ఒక గిన్నె. నాలుగింటికి సమోసా స్థానంలో శనగ గుడాలు ఒక చిన్న గిన్నె, ఇంటి నుంచి డబ్బాలో. బాక్స్‌లో అన్నం తక్కువ కనిపించి మొదటి రెండు రోజులు ఆయనకు టెన్షన్ అనిపించిందట, పప్పు గట్టిగా ఉండటంతో మూడో రోజు నుంచి సర్దుకుంది.

ఈ అంకెలు ఆయనకు సరిపోయినవి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు డాక్టర్‌ను అడగకుండా పప్పు, గుడ్లు పెంచకూడదు. షుగర్ మాత్రలు వాడేవాళ్ళు అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే చక్కెర పడిపోవచ్చు, మందు మోతాదు చూసే డాక్టర్‌కు ముందు చెప్పాలి. పీచు పెంచేటప్పుడు నీళ్ళు కూడా పెంచండి, లేకపోతే కడుపు ఉబ్బరం వస్తుంది. దాన్ని "పప్పు పడదు" అనుకుని చాలామంది మానేస్తారు. వారం పది రోజులు నెమ్మదిగా పెంచితే చాలావరకు అలవాటవుతుంది.

నెల తర్వాత ఆయన టిఫిన్‌కు, ఆకలికి మధ్య మామూలుగా మూడు గంటల ముప్పావు వస్తోంది, పెసరట్టు రోజుల్లో నాలుగు దాటుతోంది. మధ్యాహ్నం మూడున్నర. ఆయన అడిగిన నాలుగు గంటలు అన్ని పూటలా రాలేదు. ఏడు నిమిషాల భోజనం ఇంకా పన్నెండు నిమిషాలే అయింది. లంచ్ టైంలో ఫోన్లు వస్తాయంటారు. నిద్ర ఇంకా ఆరు గంటలే.

మీరు మార్పు మొదలుపెట్టిన పది రోజులకు మళ్ళీ డైరీ రాయండి. ఈసారి మూడు రోజులు చాలు, రెండు పని దినాలు, ఒక సెలవు. అదే కంచం, అదే గరిటె, అదే 1 నుంచి 5. రెండో ఉత్తరం ఇంకా చిన్నది. ఆయన పంపింది ఇంతే: "టిఫిన్ మార్చాను. ముందు 2:07, ఇప్పుడు 3:40, 3:50, ఆదివారం 4:30. సాయంత్రం మంట లేదు. మధ్యాహ్నం ఇంకా తొందరగా తింటున్నాను. తర్వాత ఏం మార్చమంటారు?"